మంచాన పడ్డ మనిషికి నెలకి ఎంత?

మా టీములో ఎవరింట్లోనన్నా అమ్మానాన్నల్లో ఒకరు మంచాన పడితే, ఆసుపత్రి గొడవ అయిపోయి ఇంటికి తెచ్చుకున్న మర్నాడు వచ్చే ప్రశ్న ఒకటే. "నెలకి ఎంతవుతుంది?" జవాబు కూడా దాదాపు ఒకటే. "మనిషిని పెడితే పాతిక, ముప్ఫై వేలు. డైపర్లకీ వాటికీ ఇంకో అయిదు." ఇది తప్పని అనను గానీ, రిక్వైర్‌మెంట్లు చూడకుండా క్లయింటు కాల్‌లో మేనేజరు చెప్పేసే అంచనా లాంటిదే ఇదీ. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలీదు, మూడు నెలలయ్యాక మాత్రం అందరూ దాని గురించే పోట్లాడుకుంటారు.

మా ఇంట్లో కూడా ఆ పోట్లాట అయింది కాబట్టే ఇంత కచ్చితంగా చెప్తున్నా. చెప్పదల్చుకుంది ఒకటే విషయం. ఈ అంచనా ధరలతో మొదలుపెట్టకూడదు, లెక్కపెట్టడంతో మొదలుపెట్టాలి. రోజుకి ఎన్నిసార్లు తిప్పాలి, ఎన్నిసార్లు మార్చాలి, రాత్రి ఎన్నిసార్లు లేవాలి. ఇవి తెలిస్తే ధరలు మీ ఊరివి మీరు వేసుకోవచ్చు. ఇవి తెలీకపోతే హైదరాబాదు ధరలు తెలిసినా ఉపయోగం లేదు.

మా బాపుకి 68 ఏళ్ళు. కాళేశ్వరంలో గుడి దగ్గర కొబ్బరికాయలు, పూజ సామాన్ల కొట్టు నడిపేవాడు. 2024 ఆగస్టులో పక్షవాతం వచ్చి కుడివైపు పూర్తిగా పడిపోయింది, మాట పోయింది. మింగగలడు, అది మా అదృష్టం. ముక్కులో గొట్టం ఉండుంటే ఈ లెక్క వేరేగా ఉండేది. బరువు 62 కిలోలు. అమ్మకి 60, రెండు మోకాళ్ళూ అరిగాయి. నేను హైదరాబాదులో, అక్క జనగామలో.

"హైదరాబాదు తెచ్చేసుకో" అని సలహా ఇవ్వని వాడు లేడు. ఒక ఏజెన్సీని అడిగాను కూడా. ఇంట్లోనే ఉండే కేర్‌టేకరు నెలకి 28,000, తిండి మనదే, నెలకి రెండు సెలవులు, ముందుగా ఒక నెల డబ్బు. దానికి తోడు నా ఒంటి పడగ్గది ఫ్లాటు వదిలేసి ఇంకో గది ఉన్నది చూడాలి. కానీ అసలు అడ్డం డబ్బు కాదు. బాపుకి మాట పోయింది గానీ మనుషుల్ని గుర్తుపట్టడం పోలేదు. పొద్దున ముక్తేశ్వరస్వామి గుడి మైకు వినపడితే కళ్ళు అటు తిప్పుతాడు, కొట్టు పక్కవాళ్ళు వచ్చి కూచుంటే ఎడమ చెయ్యి ఎత్తుతాడు. అయిదో అంతస్తులో నా ఫ్లాటులో ఆయన చూసేది సీలింగు ఫానే. అందుకని కాళేశ్వరంలోనే అనుకున్నాం. అదే ఏజెన్సీ వాడిని "మా ఊరికి పంపుతారా" అంటే, రెండొందల డెబ్భై కిలోమీటర్ల పైన అని విని నవ్వేశాడు.

సరే, లెక్క. నెలకి 720 గంటలు. "ఇరవై నాలుగ్గంటల మనిషి" అన్న మాట వినగానే మనం 720 గంటలు కొన్నాం అనుకుంటాం. ఏ మనిషీ 720 గంటలు మెలకువగా ఉండడు. మీరు కొన్నది ఇంట్లో ఒక మనిషి ఉండడం మాత్రమే. ఆ మనిషి రాత్రి నిద్రపోతాడు, పోవాలి కూడా. అప్పుడు లేచేది ఎవరు? అంచనాలో ఈ వరస ఉండదు, ఎందుకంటే దానికి రసీదు రాదు.

అక్టోబరులో దసరాకి వెళ్ళినప్పుడు బాపు మంచం పక్క గోడకి ఒక క్యాలెండరు తగిలించి, పెన్ను దారంతో కట్టి, అమ్మకి ఒక పని చెప్పాను. తిప్పినప్పుడు ఒక గీత, డైపరు మార్చినప్పుడు ఒక సున్నా, దుప్పటి కూడా తడిస్తే ఒక ఇంటూ. రాత్రి పదికీ పొద్దున ఆరుకీ మధ్య అయితే దాని కింద ఒక చుక్క. పద్నాలుగు రోజులు. "ఇది గూడ నీ కంపెనీ పనేనారా?" అంది గానీ ఒక్క రోజు కూడా మానలేదు. టైమ్‌షీటు ఇంత నిజాయితీగా నింపినవాళ్ళని మా ఆఫీసులో చూడలేదు :)

ఆ గీతలు చెప్పింది ఇది. తిప్పడం సగటున రోజుకి పది సార్లు. పగలు రెండు గంటలకోసారి, రాత్రి మూడు గంటలకోసారి. డైపర్లు పద్నాలుగు రోజుల్లో 45. తిండి మూడు పూటలు. మింగడం నెమ్మది కాబట్టి పూటకి నలభై నిముషాలు, నిటారుగా కూచోబెట్టి తినిపించి, తర్వాత అరగంట పైన అలాగే ఉంచాలి, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒళ్ళు తుడవడానికి ముప్పావు గంట. కాళ్ళూ చేతులూ ఆడించడం, నోరు శుభ్రం చేయడం, మాత్రలు నూరి ఇవ్వడం అన్నీ కలిపి ఇంకో గంట. మొత్తం కూడితే చేతులతో చేసే పని రోజుకి ఆరు గంటలు కూడా కాలేదు. కానీ ఆ ఆరు గంటలు ఇరవై నాలుగ్గంటల్లోనూ చిన్న చిన్న ముక్కలై పరుచుకుని ఉన్నాయి. పగలు రెండు గంటలకి మించి ఖాళీ లేదు. రాత్రి మూడు సార్లు లేవాలి, మూడూ కలిపి ముప్పావు గంట పని.

మా బావ పట్టుకున్నది ఈ ముప్పావు గంటనే. "ముప్పావు గంట పనికి రాత్రికి ఇంకో మనిషెందుకు బామ్మర్ది? అత్తమ్మ ఉంది గద" అన్నాడు. అమ్మ కూడా "రాత్రి నేను జూసుకుంట తియ్యి, పైసలు దండగ" అంది. అప్పటికే అమ్మ అయిదు వారాలు ఒక్కతే రాత్రుళ్ళు చూసింది. బీపీ మాత్ర ఒకటి రెండయ్యాయి. నేను బావకి చెప్పింది ఒకటే. నీకు ప్రొడక్షన్ సపోర్టు తెలీదు గానీ, రాత్రి మూడు కాల్స్ వస్తే పోయేది ముప్పావు గంట కాదు, రాత్రంతా. అదీ వారం కాదు, ఏళ్ళు. 62 కిలోల మనిషిని తిప్పేటప్పుడు అమ్మ నడుం పట్టేస్తే అంచనాలో ఇంకో మంచం చేర్చాలి. అక్క మధ్యలో వచ్చి "రాత్రి మనిషి ఉండాల్సిందే, నా వాటా నేనిస్త తమ్మీ" అనేసరికి ఆ గొడవ తెగింది.

ఇక మనుషుల లెక్క. పగటి మనిషి మా వాడకట్టు పక్కనే ఉంటాడు. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు, నెలకి 13,000. రాత్రి మనిషి తొమ్మిది నుంచి ఆరు, అక్కడే పడుకుని మూడు సార్లు లేస్తాడు, 9,000. ఇద్దరికీ చెరో పూట తిండి, టీలు కలిపి 2,500. అందరూ ఇక్కడ ఆపేస్తారు, 24,500 అని రాసేసుకుంటారు. సెలవులు ఎక్కడ? పగటి మనిషికి నెలకి నాలుగు సెలవులు ఒప్పుకున్నాం, చావో పెళ్ళో ఇంకొకటి ఖాయం. ఆ అయిదు రోజులూ బదులు వచ్చే మనిషికి రోజుకి 600, ఎందుకంటే ఒక్కరోజు పని ఎప్పుడూ నెల జీతం కన్నా పిరమే. అది 3,000. రాత్రి మనిషి నాలుగు సెలవులకి 400 చొప్పున 1,600. కలిపితే 29,100. హైదరాబాదు ఏజెన్సీ 28,000 కి ఇది దగ్గరగానే ఉంది, కానీ దీంట్లో రాత్రి ఉంది, సెలవులు ఉన్నాయి.

బదులు మనిషిని ముందే మాట్లాడి పెట్టుకోవడం ఒక పని. ఆ మనిషిని సెలవు రోజున మొదటిసారి పిలవొద్దు. నెలకి ఒక రోజు ఇద్దరూ కలిసి పనిచేసేలా పిలవండి. బాపుని ఎలా తిప్పాలో చూపించేది పగటి మనిషే, ఫోన్‌లో నేను కాదు. మడతలు పెట్టిన పాత నూలు చీర భుజాల నుంచి పిర్రల కింద దాకా పరిచి, ఆ చీర అంచులు పట్టుకుని లేపి జరపాలి. మనిషిని పట్టుకుని ఈడిస్తే తోలు మంచానికి అతుక్కుని, లోపలి ఎముక మాత్రం జరుగుతుంది. పుండు పడేది ఒక్క ఒత్తిడికే కాదు, ఈ ఈడుపుకి కూడా.

మా వైపు ఇంకో సంగతి ఉంది, అది ఏ ఏజెన్సీ వాడి పట్టికలోనూ ఉండదు. పగటి మనిషి ఎకరంన్నర కౌలుకి మిరప వేస్తాడు. నవంబరులో పత్తి మొదలై మార్చిలో మిరప కల్లాలు అయ్యేదాకా ఊళ్ళో ఖాళీ మనిషి దొరకడు. వీడికీ తన చేను ఉంది, ఏరిన కాయ ఎండబెట్టాలి, బస్తాలు తూకానికి పోవాలి. రావద్దంటే మానేస్తాడు, మానేస్తే కొత్త మనిషికి మళ్ళీ మొదటి నుంచి నేర్పాలి. అందుకని ఆ అయిదు నెలలూ నెలకి అయిదు కాదు, ఎనిమిది బదులు రోజులు రాశాను, రోజుకి 600 కాదు 800. అంటే 6,400, మామూలు నెల కన్నా 3,400 ఎక్కువ. అయిదు నెలలకి 17,000, ఏడాది మీద పరిస్తే నెలకి 1,400. మీ ఊళ్ళో ఇది వరి కోతలు కావచ్చు, జాతర కావచ్చు. మీ మనిషి ఏ నెలలో రాడో అడిగి రాసుకోండి, వాడికి ముందే తెలుసు.

సామాన్ల లెక్క తేలిక, ఎందుకంటే గీతలు ఉన్నాయి. 14 రోజులకి 45 డైపర్లు, అంటే నెలకి 96. పది డైపర్ల ప్యాకెట్టు కాబట్టి పైకి సరిచేయాలి. స్ప్రెడ్‌షీటులో ఇలా రాశాను:

```
=CEILING(45/14*30/10, 1)
```

పది ప్యాకెట్లు. టేపు ఉన్నవి, నడుం కొలతకి సరిపోయే సైజు. ప్యాంటులా తొడిగేవి మంచం మీది మనిషికి పనికిరావు, ప్రతిసారీ కాళ్ళ నుంచి ఎక్కించాలి. ప్యాకెట్టు 400, మొత్తం 4,000. సైజు పెద్దది కొంటే ఎక్కువ పీలుస్తుందనుకోకండి. తొడల దగ్గర సందులోంచి కారుతుంది, క్యాలెండరులో ఇంటూలు పెరుగుతాయి. ఇంటూలు పెరిగాయంటే ముందు సైజు చూడండి.

ఆ 45 అంత తక్కువ ఉండడానికి కారణం రాత్రుళ్ళు కండోమ్ కాథెటర్ పెట్టడం. మగవాళ్ళకి బయట నుంచి తొడిగేది, గొట్టం మూత్రం సంచీలోకి పోతుంది. లోపలికి ఏమీ పోదు కాబట్టి ఫోలీ కాథెటర్ కన్నా ఇన్‌ఫెక్షన్ భయం తక్కువ. ఒకటి 35 రూపాయలు, రోజుకి కొత్తది, 1,050. సంచీలు వారానికొకటి, 400. సైజు బిగుతుగా ఉంటే రక్తం ఆగిపోతుంది, అందుకే తొడిగిన అరగంటకి ఒకసారి చూడాలి, వాపు గానీ రంగు మారడం గానీ ఉంటే తీసేయాలి. పగలు పెట్టం, తోలుకి గాలి తగలాలి. దీనివల్ల రాత్రి లేచేది తిప్పడానికే, తడి మార్చడానికి కాదు. 9,000 కి రాత్రి మనిషి దొరికాడంటే దీని వల్లనే. డైపర్లు కూడా మార్చాలంటే వాడు ఒప్పుకునేవాడు కాదు.

మిగతావి చిల్లర. అండర్‌ప్యాడ్‌లు రోజుకొకటి, 750. చేతి తొడుగులు నూరు ఉన్న డబ్బాలు రెండు, 800. సబ్బు, కొబ్బరినూనె, జింకు ఆక్సైడ్ క్రీము, దూది 600. మొత్తం సామాన్లు 7,600. మహదేవపూర్ మెడికల్ షాపులో ఒకేసారి నెలకి సరిపడా తీసుకుంటాం. గోదావరి దగ్గర ఊరు, వానాకాలంలో మాత్రం నెలన్నరకి సరిపడా. 2022 జులై వరద చూసినవాళ్ళం, రోడ్డు మీదికి నీళ్ళొస్తే డైపర్లు ఆన్‌లైన్‌లో రావు.

నర్సు దగ్గరికి వద్దాం. నా ఉద్దేశంలో అందరూ తక్కువ వేసేది ఇక్కడే. మామూలు రోజుల్లో మా నర్సమ్మ పని చిన్నది. మహదేవపూర్ నుంచి స్కూటీ మీద వారానికోసారి వస్తారు, రావడానికి 650. బీపీ, షుగరు చూస్తారు, ఒళ్ళంతా తిప్పి తోలు చూస్తారు, కాథెటర్ పెట్టే చోట చూస్తారు, పగటి మనిషి చేసేది ఒకసారి గమనిస్తారు. ఏడాదికి 52 వారాలు కాబట్టి నెలకి నాలుగు కాదు, నాలుగూ మూడోవంతు. 2,800.

నర్సు రాకల లెక్క జబ్బుని బట్టి ఉండదు, ఒంటికి తగిలించి ఉన్న వస్తువుల్ని బట్టి ఉంటుంది. ఫోలీ కాథెటర్ ఉంటే, రబ్బరుది అయితే రెండు నుంచి నాలుగు వారాలకోసారి మార్చాలి. పూర్తి సిలికానుది అయితే పన్నెండు వారాల దాకా ఉంచొచ్చు. కొనేటప్పుడు సిలికానుది ఖరీదు చూసి వెనక్కి తగ్గుతారు గానీ, తగ్గిన నర్సు రాకలతో కలిపి చూస్తే మా లాంటి ఊళ్ళో అదే చవక. ముక్కు గొట్టం ఉంటే దానికి ఇంకో వరస. మీ ఇంట్లో ఏ గొట్టం ఉందో చూసి అది ఎన్ని రోజులకోసారి మార్చాలో నర్సునే అడగండి, ఏడాదికి ఎన్నిసార్లో రాసి పన్నెండుతో భాగించండి.

ఈ తేలికైన అంకెల్ని తలకిందులు చేసేది పుండు.

2025 మే 15 నుంచి 26 దాకా కాళేశ్వరంలో సరస్వతి పుష్కరాలు జరిగాయి. పన్నెండు రోజులు మా ఊరు మా ఊరిలా లేదు. పార్కింగులు, గుడారాలు, కొట్లు, ఊళ్ళో ప్రతి మగవాడికీ పని దొరికింది. పగటి మనిషి ముందే చెప్పాడు, బదులు మనిషి కూడా చెప్పాడు. తప్పేముంది, పన్నెండేళ్ళకోసారి వచ్చేది. అక్క వచ్చి పది రోజులు ఉంది, నేను నాలుగు రోజులు. మహదేవపూర్ రోడ్డు మీద బండ్లు నిలిచిపోయి నర్సమ్మ రెండు వారాలు రాలేకపోయారు. ఎండలు, చెమట, మధ్యలో కరెంటు పోవడం. పదో రోజున ఒళ్ళు తుడుస్తూ అక్క నడుం కింద ఎముక మీద ఒక మచ్చ చూసింది.

ఇలాంటి మచ్చ పుండు మొదలా కాదా అన్నది వేలితో తేలుతుంది. వేలితో కొన్ని సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడి మళ్ళీ రంగు వస్తే రక్తం తిరుగుతోందన్నమాట, తిప్పితే తగ్గుతుంది. నొక్కినా రంగు మారకపోతే లోపల దెబ్బతినడం మొదలైంది. మనలాంటి చామనచాయ ఒంటి మీద ఎరుపు సరిగ్గా కనపడదు. అందుకని చుట్టుపక్కల కన్నా నల్లబడిందా, వేడిగా ఉందా, గట్టిగా గానీ మెత్తగా గానీ తేడా ఉందా అని అవతలి వైపుతో పోల్చి చూడాలి. చూడాల్సిన చోట్లు నడుం కింద ఎముక, రెండు తుంటి ఎముకలు, మడమలు, చీలమండలు, పక్కకి పడుకోబెడితే చెవి. మడమలకి ఖర్చు లేని మందు ఒకటుంది. పిక్కల కింద దిండు పెట్టి మడమ గాలిలో ఉంచడమే.

బాపు మచ్చ నొక్కినా రంగు మారలేదు. రెండు రోజుల్లో పై తోలు లేచిపోయింది. రెండో దశ అన్నారు నర్సమ్మ వచ్చి. మానడానికి ఏడు వారాలు పట్టింది. మొదటి మూడు వారాలు రోజూ కట్టు, తర్వాత నాలుగు వారాలు రోజు విడిచి రోజు. 21, 14 కలిపి 35 రాకలు, 22,750. ఆ ఏడు వారాల్లో మామూలుగా రావాల్సిన ఏడు రాకలు తీసేస్తే 18,200. కట్టు సామాను రోజుకి 120 చొప్పున 4,200. అంతా కలిపి అదనం 22,400. ఇది పైపై పుండు ఖర్చు. కండ దాకా పోయిన పుండుకి ఆసుపత్రి, శస్త్రచికిత్స, దానికి ఈ షీటులో వరస లేదు.

ఒక్క మచ్చకి పగటి మనిషి రెండు నెలల జీతానికి దగ్గరగా పోయింది. అందుకే రాత్రి తిప్పే 9,000 ని "ముప్పావు గంట పని" అని కొట్టెయ్యలేం. ఏడాదికి ఒకసారి ఇలా అవుతుందని పెట్టుకుని నెలకి 1,900 వేశాను. కాకపోతే ఆ డబ్బు మిగులుతుంది, ఎవరూ ఏడవరు. 2027లో గోదావరి పుష్కరాలు, ఆ పన్నెండు రోజులకి మంథని వైపు నుంచి ఎవరినన్నా ముందే మాట్లాడాలని షీటులో రాసి పెట్టాను.

గాలి పరుపు గురించి ఒక మాట. అది తిప్పడానికి బదులు కాదు, అమ్మినవాడు ఏం చెప్పినా సరే. మాది 3,500 పెట్టి కొన్నది, ఏడాది మన్నితే గొప్ప, నెలకి 300 వేసుకున్నా. అది పనిచేస్తోందా లేదా అన్నది మోటారు చప్పుడు బట్టి తెలీదు. మనిషి పడుకుని ఉండగా పరుపు కింద, నడుం ఎముక ఉన్న చోట అరచెయ్యి పెట్టండి. చేతికీ ఎముకకీ మధ్య ఒక అంగుళం గాలి ఉండాలి. ఎముక చేతికి తగిలితే పరుపు లేనట్టే. మోటారు వాడే కరెంటు చాలా తక్కువ, ఇంట్లో ఫానుకీ లైటుకీ పెట్టుకున్న ఇన్వర్టరు చాలు, కాకపోతే ఆ ప్లగ్గు ఇన్వర్టరు లైనులోదేనా అన్నది చూసుకోవాలి.

కలుపుదాం. మనుషులు 29,100, పంటల నెలల కోసం 1,400, సామాన్లు 7,600, నర్సు 2,800, పుండు కోసం 1,900, పరుపు 300. నెలకి 43,100. మందులు, డాక్టరు, ఫిజియోథెరపీ వేరే షీటు, వాటి గోల వేరు. మొదట్లో ఒకసారి కొన్న మంచం, చక్రాల కుర్చీ దీంట్లో లేవు.

దీంట్లో ఎవరన్నా ఇచ్చేది ఉందా అని మీలో చాలామంది అడుగుతారు. కంపెనీ ఇచ్చే గ్రూపు పాలసీలు సాధారణంగా ఆసుపత్రిలో చేరితేనే పలుకుతాయి. ఇంట్లో మనిషి జీతం, డైపర్లు వాటిలో రావు. మీది తెరిచి మినహాయింపుల పేజీ చదవండి. వైకల్య ధ్రువపత్రం మాత్రం తప్పకుండా చేయించండి. మన మీద ఆధారపడిన తల్లిదండ్రులకి వైకల్యం ఉంటే పాత పన్ను విధానంలో ఆదాయం నుంచి 75,000 తగ్గించుకోవచ్చు, 80 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే 1,25,000. కొత్త విధానంలో ఇది లేదు, కాబట్టి రెండు రకాలుగా లెక్కేసి ఎంచుకోండి. పింఛన్ల విషయానికొస్తే, తెలంగాణలో వికలాంగుల పింఛను 2023లో 4,016 చేశారు. ఆంధ్రలో పక్షవాతంతో పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్ళకి 2024లో 15,000 చేశారు. సాఫ్టువేరు కొడుకున్న మా ఇంటికి రాదు, నా షీటులో అక్కడ సున్నా. ఇంకొకటి, డబ్బుతో పని లేనిది, మన దగ్గర ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రాల "ఆలన" బృందాలు ఇంటికి వచ్చి ఉచితంగా చూస్తాయి. జిల్లా ఆసుపత్రిలో గానీ ఊరి ఆశా కార్యకర్తని గానీ అడిగి పేరు రాయించండి. వాళ్ళు రోజూ కట్టు కట్టడానికి రారు. కాబట్టి నర్సు వరస తీసేయకండి.

ఈ 43,100 లో అక్క పది వేలు ఇస్తుంది, మిగతాది నాది. షీటు బావకి పంపితే పైనుంచి కింది దాకా చదివి ఒక తప్పు పట్టాడు, నిజంగా మంచి తప్పు. "పగలు పన్నెండు, రాత్రి తొమ్మిది. ఇరవై ఒకటే అయితున్నయి గద బామ్మర్ది. మూడు గంటలేడబోయినయి?" పొద్దున ఆరు నుంచి ఏడు, సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది. అవి అమ్మవి. ఆ వరసలో ఏం రాయాలన్నది వారం పట్టింది. చివరికి ఊళ్ళో గంట కూలి లెక్కన గంటకి 40, రోజుకి మూడు గంటలు, నెలకి 3,600 అని అక్క తేల్చింది. మొత్తం 46,700 అయింది.

ఆ 3,600 నెల మొదట్లో అమ్మ ఖాతాలో పడుతుంది. మొదటి నెల తిట్టింది. రెండో నెల ఆ డబ్బుతో బట్టలుతకడానికి ఒకామెను పెట్టుకుంది. బాపు పని కన్నా ఆ తడి దుప్పట్లు పిండే పనికే ఆమెకి మోకాళ్ళు పోతున్నాయట.